వాలీబాల్ షూ కొనేటప్పుడు మడమ నొక్కుతున్నారు, అసలు చూడాల్సింది ముందు భాగం

క్లుప్తంగా: వాలీబాల్‌లో గాల్లోంచి దిగేటప్పుడు ముందు నేలని తాకేది వేళ్ళ కింద మెత్తటి భాగం, అందుకే కుషన్ అక్కడ చూడాలి. కానీ అక్కడ మెత్తదనం, మందం పెరిగేకొద్దీ చీలమండ పక్కకి తిరిగే రిస్క్ కూడా పెరుగుతది. చెక్క ఫ్లోర్ మీద గ్రిప్ అనేది డిజైన్ కన్నా రబ్బరు మెత్తదనం మీద, దుమ్ము మీద ఎక్కువ ఆధారపడతది. షూ పాదాన్ని బాగా కాపాడతది, మోకాలిని కొంచమే, వేరేవాళ్ళ కాలు మీద దిగితే చీలమండని దాదాపు కాపాడలేదు.

హైదరాబాద్ ఎల్బీ స్టేడియం చుట్టుపక్కల స్పోర్ట్స్ షాపుల్లో కాసేపు నిలబడి చూస్తే తెలుస్తది, షూ చేతికి రాగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే, బొటనవేలితో మడమ దగ్గర గట్టిగా నొక్కి "ఆ, మెత్తగానే ఉంది" అనుకోవడం. రన్నింగ్ షూ అయితే ఆ నొక్కుడులో కొంత అర్థం ఉంది, చాలామంది పరిగెత్తేటప్పుడు మడమే ముందు ఆనుతది కాబట్టి. వాలీబాల్‌కి వచ్చేసరికి స్పైక్ కొట్టి దిగినా, బ్లాక్‌కి ఎగిరి దిగినా, జంప్ సెట్ చేసి దిగినా ముందు నేలకి తగిలేది బొటనవేలి కింద గూడ, దాని పక్కనున్న మిగతా వేళ్ళ మొదళ్ళు. మడమ ఆ తర్వాత, సెకనులో పదో వంతు కూడా కాకముందే, వచ్చి ఆనుతది.

ఇంకో చిక్కు ఏంటంటే సిటీలో రన్నింగ్ షూలు, బ్యాడ్మింటన్ షూలు ఏ షాపులో అడిగినా ఉంటయి, వాలీబాల్ కోసమే చేసినవి మాత్రం వెతుక్కోవాలి, దొరికినా సైజు ఉండదు. అందుకని ఇండోర్ హాల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది ఆ రెండిట్లో ఏదో ఒకటి వేసుకుని దిగుతారు. రెండూ పనికిరావని కాదు, కానీ ఒక్కోటి ఒక్కో చోట దెబ్బ కొడతది, ఎక్కడ కొడతదో ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు.

## ఒక జంప్ దిగినప్పుడు ఏం జరుగుద్ది

75 కిలోల మిడిల్ బ్లాకర్, అంటే నెట్ మధ్యలో బ్లాక్ చేసే ప్లేయర్, ఒకరు నడుము దగ్గర లెక్కేస్తే 50 సెంటీమీటర్లు ఎగిరారు అనుకుందాం. దిగేటప్పుడు నేలని తాకే వేగం సెకనుకి 3.1 మీటర్లు, అంటే గంటకి 11 కిలోమీటర్లు. ఈ వేగాన్ని సున్నాకి తేవాలి, ఎంత దూరంలో తెస్తారు అన్నదే అసలు ప్రశ్న. చీలమండ, మోకాలు, తుంటి మూడూ బాగా వంచి శరీరాన్ని 40 సెంటీమీటర్లు కిందికి పోనిస్తూ ఆపితే కాళ్ళ మీద పడే సగటు లోడు ఒంటి బరువుకి రెండుంపావు రెట్లు, సుమారు 170 కిలోలు. అదే మనిషి అలిసిపోయి, కాళ్ళు బిగబట్టి 15 సెంటీమీటర్లలోనే ఆగిపోతే అది నాలుగు రెట్లు దాటి 325 కిలోల దగ్గరికి పోతది. ఇది సగటు మాత్రమే, మధ్యలో వచ్చే పీక్ ఇంకా ఎక్కువే ఉంటది.

ఇప్పుడు ఇందులో షూ వాటా ఎంత? ముందు భాగంలో ఫోమ్ మహా అయితే 6 నుంచి 8 మిల్లీమీటర్లు నొక్కుకుంటది అనుకున్నా, 40 సెంటీమీటర్ల మోకాలి వంపు పక్కన పెడితే అది రెండు శాతం. ఆగే దూరానికి షూ కలిపేది అంతే. అంటే "మంచి కుషన్ షూ కొంటే మోకాలి నొప్పి పోతది" అన్న మాటకి లెక్కలో పెద్దగా బలం లేదు. నార్వేలో టాప్ లెవెల్ ప్లేయర్ల మీద చేసి 2005లో బయటికొచ్చిన స్టడీలో వాలీబాల్ మగవాళ్ళలో దాదాపు 45 శాతం మందికి జంపర్స్ నీ, అంటే మోకాలి చిప్ప కింద ఉండే టెండన్ నొప్పి, కనిపించింది. ఆ లెవెల్లో ఆడేవాళ్ళకి షూలకి ఏం కొదవ ఉంటది? టెండన్ మీద పడేది వారానికి ఎన్ని జంప్‌లు, ఎంత లోతుగా వంగి దిగుతున్నారు, మధ్యలో రెస్ట్ ఎంత అన్నవాటి లోడు, షూ ఆ లిస్టులో కింద ఎక్కడో ఉంటది.

మరి ఫోర్‌ఫుట్, అంటే పాదం ముందు భాగం, దగ్గర కుషన్ ఎందుకు అంటే, పాదం కోసం. ఒళ్ళు మొత్తం ఆగడానికి 40 సెంటీమీటర్లు ఉంది గానీ, పాదానికి ఆ సౌకర్యం లేదు, నేల తగలగానే అది అక్కడికక్కడే ఆగాలి, దానికి దొరికే దూరం షూ ఫోమ్, కాలి కింద కండ, అంతే. పల్చటి అరిగిపోయిన సోల్‌లో ఆ దూరం 3 మిల్లీమీటర్లు, బతికున్న ఫోమ్‌లో 9 మిల్లీమీటర్లు అయితే పాదానికి తగిలే మొదటి దెబ్బలో దాదాపు మూడు రెట్ల తేడా. పైగా ఆ దెబ్బంతా బొటనవేలి కింద ఉండే చిన్న చిన్న ఎముకల మీద, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేని చోట పడతది. ఫోమ్ చేసే రెండో పని ఈ ఒత్తిడిని పక్కలకి పరచడం. అది లేనప్పుడు ముందు వచ్చేది మోకాలి నొప్పి కాదు, ఆట అయ్యాక షూ విప్పి ఉత్త కాళ్ళతో మార్బుల్ మీద నడుస్తుంటే బొటనవేలి కింద గులకరాయి మీద కాలు పెట్టినట్టు ఉండే నొప్పి, లేదా రెండు వేళ్ళ మధ్య తిమ్మిరి.

మడమ కుషన్ అక్కర్లేదా అంటే అక్కర్లేదని కాదు. నాలుగో సెట్ కల్లా పిక్కలు అలిసిపోతే మడమ నెమ్మదిగా దిగదు, దబ్బున పడతది. స్పైక్ కొట్టడానికి పరిగెత్తుకొచ్చే అప్రోచ్‌లో చివరి ముందు అడుగులో కూడా మడమే ముందు ఆని తర్వాత బరువు వేళ్ళ మీదకి దొర్లుద్ది. అంటే మడమ దగ్గర మామూలుగా ఉన్నా సరిపోతది, ముందు భాగం దగ్గర కక్కుర్తి పడకూడదు. రన్నింగ్ షూల అలవాటుతో షాపుల్లో జరిగేది సరిగ్గా దీనికి రివర్స్.

## మెత్తదనం ఎక్కువైతే వచ్చే తిప్పలు

ఇక్కడే అసలు కథ. ముందు భాగం మెత్తగా ఉంటే మంచిది కదా, మరి ఇప్పుడొచ్చే లావు సోల్ రన్నింగ్ షూ వేసుకుంటే ఇంకా మంచిది కదా అని చాలామందికి డౌట్ వస్తది, నిజానికి మొదటి పది నిమిషాలు అది సుఖంగానే అనిపిస్తది.

ఒక చిన్న పీట మీద ఒంటికాలి మీద నిలబడటం, అంతే వెడల్పున్న ఎత్తు స్టూల్ మీద ఒంటికాలి మీద నిలబడటం, ఈ రెండిట్లో ఏది కష్టమో చెప్పక్కర్లేదు. షూ సోల్ కూడా అంతే. పాదం నేలకి ఎంత ఎత్తులో ఉంటే సోల్ అంచు మీద పడ్డ బరువు చీలమండని అంత గట్టిగా పక్కకి తిప్పుద్ది. దానికి తోడు ఫోమ్ మరీ మెత్తగా ఉంటే బరువు చిటికెన వేలు వైపు పడగానే ఆ వైపు ఫోమ్ అణిగిపోయి సోల్ తనంతట తానే వాలు అయిపోతది, చదును నేల మీద దిగినా ఏటవాలు మీద దిగినట్టే. రన్నింగ్‌లో అడుగులన్నీ ముందుకే కాబట్టి ఇది పెద్దగా బయటపడదు. బ్లాక్‌కి పక్కకి రెండడుగులు వేసి ఎగిరి, గాల్లో భుజం తిప్పి, ఎటో ఒరిగి దిగినప్పుడు మాత్రం బయటపడతది.

అందుకే ఇండోర్ కోర్ట్ షూలలో ముందు భాగం ఫోమ్ మందం లావు రన్నింగ్ షూలతో పోలిస్తే బాగా తక్కువ, ఒక్కోసారి సగమే ఉంటది. ఆ తక్కువ మందంలోనే మంచి కుషన్ రావడానికి కంపెనీలు రకరకాల దారులు పడతయి, ఆసిక్స్ వాళ్ళు ఫోమ్‌లో జెల్ ముక్కలు పెడతారు, మిజునో వాళ్ళు సోల్ మధ్యలో అలలాగా వంపు తిరిగిన ప్లేట్ పెట్టి బరువుని పరుస్తారు. పేర్లు ఏవైనా కొనేవాడికి కావాల్సిన సమాధానం ఒకటే, పూర్తి బరువు ముందు భాగం మీద పడ్డప్పుడు ఫోమ్ అడుగంటిపోతుందా, లేక ఇంకా కొంచెం మిగులుతుందా.

దాన్ని షాపులోనే చూడొచ్చు. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసేసి, వేలి కణుపుతో బొటనవేలి గూడ వచ్చే చోట గట్టిగా నొక్కాలి, ఇన్‌సోల్ ఉండగా నొక్కితే తెలిసేది ఆ పల్చటి స్పాంజి మెత్తదనమే, చవక షూలు మోసం చేసేది అక్కడే. కణుపుకి వెంటనే రాయిలాగా తగిలితే అక్కడ కుషన్ లేదని. తర్వాత రెండు షూలూ వేసుకుని, లేసులు ఆటకి కట్టినట్టే కట్టి, ఒంటికాలి మీద మడమ ఎత్తి వేళ్ళ మీద అయిదారు సార్లు ఎగరాలి. పక్కనున్నవాళ్ళని వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయమనాలి. దిగినప్పుడు చిటికెన వేలు వైపు ఫోమ్ బుగ్గలా బయటికి ఉబ్బి, చీలమండ బయటి వైపు వాలిందంటే ఆ షూ ఎంత మెత్తగా ఉన్నా పక్కన పెట్టేయడమే బెటర్.

## చెక్క ఫ్లోర్ మీద గ్రిప్

షూ డబ్బా మీద "నాన్ మార్కింగ్" అని రాసి ఉంటే గ్రిప్ బాగుంటదని అనుకోవడం చాలా పెద్ద అపోహ. ఆ మాటకి అర్థం ఫ్లోర్ మీద నల్ల గీతలు పడవు అని, అంతే. హాల్ వాళ్ళకి కావాల్సింది అది, ప్లేయర్‌కి కావాల్సింది వేరే.

చెక్క ఫ్లోర్ మీద పైన వార్నిష్ పూత ఉంటది, చూడ్డానికి అద్దంలా ఉన్నా దగ్గరగా చూస్తే అందులో కంటికి కనపడని ఎగుడుదిగుళ్ళు ఉంటయి. మెత్తటి గమ్ రబ్బరు, ఆ తేనెరంగు సోల్, బరువు పడగానే ఆ సందుల్లోకి దిగి అతుక్కుంటది. రన్నింగ్ షూ కింద ఉండే రబ్బరు రోడ్డు మీద అరగకుండా గట్టిగా చేస్తారు, అది ఆ సందుల్లోకి దిగదు, పైపైనే జారుద్ది. పైగా చాలా రన్నింగ్ షూలకి ముందు భాగం కింద కొంత రబ్బరు, కొంత ఉత్త ఫోమ్ ఉంటయి, ఆ ఫోమ్‌కి చెక్క మీద పట్టు ఇంకా తక్కువ. గోరుతో సోల్ మీద నొక్కితే గుంట పడి మెల్లగా పైకి లేవాలి, నొక్కు పడకపోతే అది హాల్ షూ కాదు. సోల్ మీద చేప ముల్లులాంటి అడ్డగీతల డిజైన్ ఉంటది చూడండి, అది అన్ని వైపులా అంచులు ఇవ్వడానికి, సోల్ వంగడానికి పనికొస్తది, కానీ రబ్బరు గట్టిదైతే ఎంత డిజైన్ ఉన్నా ఉపయోగం తక్కువ.

రబ్బరు ఎంత మంచిదైనా మధ్యలో దుమ్ము వస్తే మొత్తం పోతది. దుమ్ము రేణువులు రబ్బరుకి చెక్కకి మధ్య చేరి రెండిటినీ కలవనివ్వవు. హాల్ పక్కనే రోడ్డు పనో బిల్డింగ్ పనో నడుస్తుంటే, ఎండాకాలం కిటికీలు తెరిచి పెడితే, ఫ్లోర్ మీద సాయంత్రానికల్లా తెల్లటి పొర చేరుతది. దాన్ని చెవితోనే పట్టొచ్చు. శుభ్రమైన ఫ్లోర్ మీద ఆగినప్పుడు వచ్చే కీచు శబ్దం రబ్బరు పట్టుకుని వదిలి మళ్ళీ పట్టుకోవడం వల్ల వస్తది, వార్మప్‌లోనే ఆ కీచు లేకుండా "స్స్" మని జారిన చప్పుడు వస్తే షూని తిట్టుకునే ముందు సోల్ తిప్పి చూసుకోవాలి, అరచేత్తో రుద్దితే బూడిద రంగు అంటుద్ది. కోర్ట్ బయట తడిపి పిండిన పాత టవల్ ఒకటి పరిచి, దాని మీద రెండు సార్లు తొక్కి, ఆరిన గుడ్డ మీద ఒకసారి తొక్కితే గ్రిప్ అక్కడికక్కడే తిరిగొస్తది. టవల్ బాగా తడిగా ఉంటే మాత్రం రివర్స్, సోల్ కింద నీటి పొర మిగిలి ఇంకా జారుద్ది. వానాకాలంలో నెట్ దగ్గర చెమట చుక్కలు పడ్డ చోటుదీ అదే కథ, అక్కడ ఏ షూ ఆగదు, తుడవాల్సిందే.

గ్రిప్ తక్కువైతే నష్టం అందరికీ తెలుసు, ఎక్కువైతే వచ్చేదే ఎవరూ మాట్లాడరు. అప్రోచ్ చివర్లో కాలు నాటినప్పుడు శరీరం ఇంకా కొంచెం తిరుగుతూ ఉంటది, షూ నేలకి పూర్తిగా అతుక్కుపోతే ఆ తిరుగుడంతా చీలమండ, మోకాలు మింగాల్సి వస్తది. అందుకే ఇండోర్ ఫ్లోర్లకి యూరప్‌లో ఉన్న ఈఎన్ 14904 స్టాండర్డ్ జారుడుకి ఒక వైపే లిమిట్ పెట్టలేదు, లోలకం పరీక్షలో రీడింగ్ 80కి తగ్గకూడదు, 110 దాటకూడదు అని రెండు వైపులా పెట్టింది. కొత్త గమ్ సోల్, అప్పుడే తుడిచిన ఫ్లోర్ కలిస్తే పట్టు బాగా ఎక్కువ ఉంటది, అలాంటి రోజు మొదటి పది నిమిషాలు ఫుల్ స్పీడ్ అప్రోచ్‌లు కొట్టకుండా కాలికి ఆ పట్టు అలవాటు కానివ్వడం మంచిది.

అదే స్టాండర్డ్‌లో ఇంకో విషయం ఉంది, ఫ్లోర్ తనే దెబ్బని 25 నుంచి 75 శాతం వరకు మింగాలి అని. కింద చెక్క దిమ్మెలు, వాటి కింద రబ్బరు ప్యాడ్లు పెట్టి వేసిన ఫ్లోర్ చాలావరకు ఆ పని చేస్తది, కాంక్రీట్ మీద డైరెక్ట్‌గా అంటించిన చెక్క చేయదు, పైనుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తయి. ఎగిరి దిగితే డోలు కొట్టినట్టు బోలుగా మోగితే మొదటి రకం, "టప్" మని పొడిగా వస్తే రెండోది అయ్యుండొచ్చు. రెండో రకం హాల్లో రెగ్యులర్‌గా ఆడేవాళ్ళకి ఫోర్‌ఫుట్ కుషన్ ఉన్న షూ ఇంకా అవసరం, మొదటి రకం హాల్లో కాస్త పల్చటి షూ అయినా నడుస్తది.

## చీలమండ: షూ చేయగలిగింది, చేయలేనిది

వాలీబాల్‌లో కాలు బెణికేది ఎక్కువగా ఎక్కడ అంటే నెట్ కింద. కోర్ట్ మధ్య గీత వెడల్పు 5 సెంటీమీటర్లు, రూల్ ప్రకారం పాదంలో కొంత భాగం ఆ గీతని తాకుతూనో, దాని పైనో ఉంటే మిగతా పాదం అవతలి కోర్ట్‌లోకి పోయినా తప్పు కాదు. అంటే ఇటు స్పైక్ కొట్టినోడి పాదం, అటు బ్లాక్‌కి ఎగిరినోడి పాదం ఒకే చోట దిగడానికి రూలే అవకాశం ఇస్తోంది. దిగేటప్పుడు పాదం వేళ్ళు కిందికి పెట్టి వంచి ఉంటది, ఆ పొజిషన్‌లో చీలమండ ఎముకల పట్టు వదులుగా ఉంటది, సరిగ్గా అప్పుడు కింద ఇంకొకరి షూ తగిలితే పాదం లోపలికి మడతపడి బయటి వైపు లిగమెంట్ సాగుద్ది లేదా తెగుద్ది. ఇదంతా కండరాలు తేరుకుని అడ్డుపడేలోపే అయిపోతది.

ఈ పరిస్థితిలో షూ ఏదైనా చేయగలిగింది చాలా తక్కువ. చీలమండ పైదాకా వచ్చే హై కట్ షూ అయితే ఆపుతదని నమ్మకం ఉంది గానీ, మెత్తటి బట్ట కాలర్ ఒంటి బరువుకి రెండుమూడు రెట్ల లోడుని ఆపలేదు, బాస్కెట్‌బాల్‌లో హై కట్, లో కట్ పోల్చి చూసినప్పుడు కూడా బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పనిచేసేవి వేరే ఉన్నయి. నార్వేలోనే దిగే టెక్నిక్ నేర్పించి, బ్యాలెన్స్ బోర్డు మీద ప్రాక్టీస్ చేయించిన ప్రోగ్రామ్ తర్వాత వాలీబాల్ ప్లేయర్లలో చీలమండ బెణుకులు సగానికి తగ్గినయని 1997లో వచ్చిన స్టడీ చెప్తది. ఒకసారి బెణికిన కాలికి మళ్ళీ బెణికే రిస్క్ మొదటి 6 నుంచి 12 నెలల్లో బాగా ఎక్కువ, అలాంటి వాళ్ళకి లేసులతో కట్టుకునే బ్రేస్ గట్టి సాయం.

మరి షూలో స్టెబిలిటీ అని దేన్ని చూడాలి? ఎవరి కాలు మీదా దిగకుండానే, తన బ్యాలెన్స్ తనే తప్పి కాలు తిరిగే సందర్భాలు కూడా ఉంటయి, షూ తేడా చూపించేది అక్కడ. మొదటిది ముందు భాగం కింద సోల్ వెడల్పు. బయటికి తీసిన ఇన్‌సోల్‌ని షూ తిప్పి సోల్ మీద పెట్టి చూస్తే, చిటికెన వేలు వైపు సోల్ ఇన్‌సోల్ కంటే కొంచెం బయటికి రావాలి, ఇన్‌సోలే సోల్ దాటి బయటికి వస్తుంటే బరువు గాల్లో పడుతున్నట్టు. రెండోది పాదం ఫోమ్ మీద కూర్చుందా, ఫోమ్‌లో కూర్చుందా అన్నది, పక్కల ఫోమ్ గట్టు పైకి లేచి పాదాన్ని గిన్నెలో పెట్టినట్టు పట్టుకుంటే మంచిది. మూడోది మడమ చుట్టూ ఉండే గట్టి కప్పు, రెండు వేళ్ళతో పిండితే నొక్కుకుపోకూడదు.

ఫిట్టింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ముందు వెడల్పుగా ఉన్న కాళ్ళవాళ్ళు బిగుతుగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకుంటారు, అప్పుడు వెడల్పు సరిపోయినా పొడవు మిగిలిపోయి, బ్రేక్ వేసినప్పుడల్లా పాదం లోపల ముందుకి జారి బొటనవేలి గోరు నల్లబడతది, పక్కకి కదిలినప్పుడు పాదం సోల్ అంచు దాటి పోతది. షూ ఎంత స్టేబుల్‌గా చేసినా లోపల పాదమే కదులుతుంటే దానికి విలువ లేదు. సైజు పెంచే బదులు వైడ్ అని వచ్చే మోడల్ వెతకడం మేలు. బ్రేస్ వాడేవాళ్ళు దాన్ని షాపుకి తీసుకుపోయి, దాని మీదే షూ వేసుకుని చూడాలి, లేకపోతే ఇంటికొచ్చాక మడమ దిగదు.

## బ్యాడ్మింటన్ షూతో నడిపించొచ్చా

రూల్ బుక్ షూ గురించి పెద్దగా ఏం అడగదు, తేలిగ్గా, వంగేలా ఉండాలి, రబ్బరు లేదా కాంపోజిట్ సోల్ ఉండాలి, హీల్ ఉండకూడదు అంటది, అంతే. కాబట్టి బ్యాడ్మింటన్ షూ వేసుకుంటే ఎవరూ ఆపరు. మంచి బ్యాడ్మింటన్ షూకి గమ్ సోల్ ఉంటది, నేలకి దగ్గరగా ఉంటది, పక్కల పట్టు బాగుంటది, అంటే మూడింట్లో గ్రిప్, స్టెబిలిటీ రెండూ వచ్చేసినట్టే. తేడా ముందు భాగం కుషన్‌లో. బ్యాడ్మింటన్‌లో పెద్ద లోడు లంజ్‌లో, అంటే ముందుకి పెద్ద అడుగు వేసి వంగినప్పుడు, మడమ మీద పడతది, జంప్ స్మాష్ ఉన్నా ర్యాలీలో ఎక్కువ పని అడుగులదే, అందుకని చాలా మోడళ్ళలో ముందు భాగం పల్చగా, కోర్ట్ కాలికి తెలిసేలా చేస్తారు.

పైన చెప్పిన మిడిల్ బ్లాకర్ దగ్గరికే వద్దాం. ప్రాక్టీస్‌లో బ్లాక్‌లు, క్విక్ ఎటాక్‌లు కలిపి రోజుకి 100 జంప్‌లు, వారానికి మూడు రోజులు అనుకుంటే నెలకి 1,200. ముందు భాగం పల్చటి బ్యాడ్మింటన్ షూతో ఈయన గ్రిప్‌కి ఢోకా లేకుండా ఆడతారు, కాలు తిరగదు, కానీ కొన్ని వారాలకి బొటనవేలి కింద ఆ గులకరాయి నొప్పి మొదలయ్యే ఛాన్స్ ఎక్కువ, మరీ కాంక్రీట్ మీద అంటించిన చెక్క అయితే ఇంకా త్వరగా. లావు రన్నింగ్ షూతో పాదం సుఖంగా ఉంటది, కానీ పక్కకి బ్లాక్‌కి పోయి ఆగేటప్పుడు జారడం, దిగేటప్పుడు వాలడం రెండూ ఉంటయి, అది ఒక్కరోజులో సీజన్ ముగించే రకం రిస్క్. రెండే ఆప్షన్లు ఉంటే బ్యాడ్మింటన్ షూనే మెరుగు, నొప్పి మెల్లగా చెప్పి వస్తది, బెణుకు చెప్పకుండా వస్తది. ఆ షూలో ఇన్‌సోల్ తీసేసి కొంచెం గట్టి ఫోమ్ ఇన్‌సోల్, 4, 5 మిల్లీమీటర్లది, వేసుకుంటే ముందు భాగానికి కొంత సాయం దొరుకుద్ది, అంతకంటే మందం వేస్తే మడమ కప్పులోంచి పైకి లేచి ఉన్న స్టెబిలిటీ పోతది.

వెనక డిఫెన్స్ మాత్రమే ఆడే లిబరోకి ఈ గొడవే లేదు. బ్లాక్‌కి ఎగరకూడదు, నెట్ పైన ఉన్న బాల్‌ని ఎటాక్ చేయకూడదు, ఆట మొత్తం నేలమీదే, అందుకని బ్యాడ్మింటన్ షూ వాళ్ళకి చక్కగా సరిపోతది. ఎక్కువ ఆలోచించాల్సింది మిడిల్స్, జంప్ సెట్ చేసే సెట్టర్లు, ఆ తర్వాత వింగ్ ఎటాకర్లు.

## షూ చచ్చిపోయిందని ఎలా తెలుస్తది

పైన బట్ట చిరగలేదు, కింద గీతలు అరగలేదు కాబట్టి షూ బాగానే ఉంది అనుకోవడం కూడా మామూలే. ఫోమ్ లోపల గాలి నిండిన చిన్న చిన్న గదులుంటయి, వేల సార్లు నలిగాక వాటి గోడలు కూలిపోయి మళ్ళీ లేవవు, బయటికి ఏమీ కనపడదు. చూడాల్సిన చోట్లు వేరే. బొటనవేలి గూడ పక్కన సోల్ గోడ మీద అడ్డంగా ముడతలు పడి, షూ విప్పాక కూడా పోకుండా ఉంటే అది మొదటి గుర్తు. ఇన్‌సోల్ తీసి టార్చ్ వేస్తే అక్కడ గుంట కనిపించడం రెండోది. టేబుల్ మీద పెట్టి వెనకనుంచి చూస్తే షూ ఒక వైపు ఒరిగి ఉండటం మూడోది, అప్పటికి ఆలస్యం అయినట్టే.

జీవితం తగ్గించే పనులు ఎక్కువగా హాల్ బయట జరుగుతయి. ఆట షూతోనే బైక్ మీద రావడం మామూలు విషయం, గేర్ రాడ్ ఎడమ షూ పైభాగాన్ని కోస్తది, సిగ్నల్ దగ్గర, పెట్రోల్ బంక్ దగ్గర కాలు కింద పెట్టినప్పుడల్లా ఇసుక, ఆయిల్ గమ్ రబ్బరుకి పట్టుకుంటయి, హాల్లోకి వచ్చాక ఎంత తుడిచినా ఆయిల్ పోదు. ఏప్రిల్, మే నెలల్లో షూని కార్ డిక్కీలోనో స్కూటీ డిక్కీలోనో రోజంతా వదిలేస్తే వేడికి సోల్‌ని అంటించిన జిగురు మెత్తబడి అంచుల దగ్గర విడిపోవడం మొదలవుతది. వాడాక ఫోమ్ పూర్తిగా పైకి లేవడానికి, చెమట ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి, రోజూ ఆడేవాళ్ళు రెండు జతలు మార్చి మార్చి వేసుకోవడానికి కారణం అదే.

రెండు షూలూ ఒకేసారి పోవు అన్నది కూడా గమనించాలి. కుడిచేతి ఎటాకర్లు కొట్టాక శరీరం ఎడమకి ఒరుగుద్ది, చాలాసార్లు ఎడమ కాలే ముందు దిగి లోడులో ఎక్కువ భాగం ఒక్కటే మోస్తది, అందుకని ఎడమ షూ ముందు భాగం తొందరగా కూలుద్ది, కుడిది ఇంకా కొత్తదిలాగే ఉంటది. చెక్ చేసేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి కణుపుతో నొక్కి చూస్తే ఆ తేడా వెంటనే దొరుకుద్ది. ఎడమది రాయిలాగా తగులుతుంటే ఆ జతని ఎటాక్, బ్లాక్ డ్రిల్స్‌కి ఆపేసి, సర్వ్, రిసీవ్ ప్రాక్టీస్ రోజులకి వాడుకోవచ్చు, సోల్ రబ్బరు బాగుంటే గ్రిప్ ఇంకొన్నాళ్ళు వస్తది.